ఎనిమిది ప్రమేయాలు, ఒక అప్పు

సీఏ ఫైనల్ పరీక్షలు దగ్గరపడితే నా దగ్గర చదువుకునే పిల్లల చేతుల్లో ఒక మడత కాగితం కనిపిస్తుంది. ఒకవైపు ఫార్ములాలు ఉంటాయి. రెండోవైపు 'క్యాప్‌ఎమ్ ప్రమేయాలు' అని రాసి, కింద గీత గీసి, ఎనిమిది వరుసలు ఉంటాయి. పన్నులు లేవు. కొనడానికి, అమ్మడానికి ఖర్చుల్లేవు. మదుపరులందరి అంచనాలూ ఒక్కటే. అందరూ ఒకే గడువుకు పెట్టుబడి పెడతారు. ఏ ఒక్కరి కొనుగోలుతోనూ ధర కదలదు. ప్రతి ఆస్తినీ ఎంత చిన్న ముక్కగానైనా కొనవచ్చు, అమ్మవచ్చు. మదుపరి చూసేది సగటు రాబడి, దాని ఒడుదొడుకులు, ఈ రెండే. ఇక ఎనిమిదోది: రిస్కు లేని ఒకే వడ్డీకి ఎవరైనా ఎంతైనా అప్పు ఇవ్వవచ్చు, ఎంతైనా అప్పు తెచ్చుకోవచ్చు.

వరుసలన్నీ అయ్యాక అడుగున ఒక వాక్యం ఉంటుంది: 'ఇవన్నీ ఆచరణలో నిలబడవు.' చాలా ఏళ్లుగా ఈ పాఠం చెబుతున్నాను. నాకు నచ్చనిది ఆ వాక్యమే. అందులో అబద్ధమేమీ లేదు, ఎనిమిదీ ఆచరణలో లేనివే. కానీ అన్నిటినీ ఒకే గాటన కట్టేసరికి తెలుసుకోవాల్సిన అసలు విషయం పక్కకు పోతుంది. వీటిలో కొన్ని తప్పినా లెక్క పెద్దగా మారదు. ఒకటి మాత్రం తప్పిందంటే, సమాధానం ఎటువైపు ఎంత తప్పుతుందో కూడా ముందే చెప్పేయవచ్చు. ఆ ఒకటి ఎనిమిదో వరుసలోని అప్పు.

ముందు ఈ మోడల్ ఏం చెబుతుందో చూద్దాం. క్యాపిటల్ అసెట్ ప్రైసింగ్ మోడల్ అనేది పూర్తి పేరు. 1952లో హ్యారీ మార్కోవిట్జ్ ఒక వ్యాసంలో, షేర్లను విడివిడిగా కాకుండా ఒక బుట్టగా చూడాలని లెక్కలతో చూపించారు. ఆ పునాది మీద విలియం షార్ప్ 1964లో, జాన్ లింట్నర్ 1965లో, యాన్ మోసిన్ 1966లో ఎవరికి వారు దాదాపు ఒకే సమీకరణానికి చేరుకున్నారు. వాళ్లకంటే ముందే జాక్ ట్రేనర్ అదే మాట రాసిపెట్టుకున్నా, అప్పట్లో అచ్చు వేయించలేదు. మార్కోవిట్జ్, షార్ప్, మెర్టన్ మిల్లర్‌లకు 1990లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

ఒక షేరు ధర పెరగడం, తగ్గడం వెనుక రెండు రకాల కారణాలుంటాయి. ఒకటి ఆ కంపెనీ సొంత గొడవ: ఫ్యాక్టరీలో సమ్మె, కొత్త మందుకు అనుమతి, ఎండీ రాజీనామా. రెండోది అన్ని కంపెనీలనూ ఒకేసారి కదిలించేది: వడ్డీ రేట్లు, ముడిచమురు, యుద్ధం. ముప్పై నలభై రకాల షేర్లు కలిపి పెట్టుకుంటే సొంత గొడవలు ఒకదానికొకటి చెల్లిపోతాయి. ఖర్చు లేకుండా వదిలించుకోగలిగిన రిస్కును మోసినందుకు అదనపు రాబడి ఎవరూ ఇవ్వరు. మిగిలేది మార్కెట్‌తో కలిసి ఊగే భాగం. దానికే ధర కడతారు. మార్కెట్ ఒక శాతం కదిలితే ఈ షేరు సగటున ఎంత కదులుతుందో చెప్పే అంకె బీటా. మొత్తం సిద్ధాంతం ఒక్క గీతలో ఇమిడిపోతుంది:

```
E(R) = Rf + β × (E(Rm) − Rf)
```

Rf అంటే రిస్కు లేని వడ్డీ. E(Rm) అంటే మొత్తం మార్కెట్ మీద ఆశించే రాబడి. రిస్కు లేని వడ్డీ 7 శాతం, మార్కెట్ రాబడి 12 శాతం అనుకుందాం. అప్పుడు బీటా 1.5 ఉన్న షేరు మీద 7 + 1.5 × 5, అంటే 14.5 శాతం రావాలి. బీటా 0.5 అయితే 9.5 శాతం చాలు.

ఇది పరీక్ష హాలు దాకానే ఉండే లెక్క కాదు. శంషాబాద్‌లో విమానం ఎక్కేవాళ్లు టికెట్ మీద యూజర్ డెవలప్‌మెంట్ ఫీజు చూసే ఉంటారు. పెద్ద విమానాశ్రయాల రుసుములు నిర్ణయించే నియంత్రణ సంస్థ, విమానాశ్రయం పెట్టినవారి ఈక్విటీ మీద ఎంత రాబడి ఇవ్వాలో తేల్చడానికి ఈ సమీకరణాన్నే వాడుతుంది. బీటా కొంచెం మారితే రాబడి మారుతుంది, ఆ తేడా చివరికి ప్రయాణికుడి టికెట్‌లోకి వస్తుంది. అమెరికాలో జాన్ గ్రాహం, క్యాంప్‌బెల్ హార్వీ కంపెనీల ఆర్థిక అధికారులను అడిగి 2001లో ప్రచురించిన సర్వేలో, ఈక్విటీ ఖర్చు లెక్కించడానికి ఎప్పుడూ లేదా దాదాపు ఎప్పుడూ దీన్నే వాడతామన్నవారు 73.5 శాతం.

ఇక ఎనిమిదో వరుసకు వద్దాం. సిద్ధాంతానికి ఈ అప్పు ఎందుకంత అవసరం? ఒకరికి గుండె ధైర్యం తక్కువ, ఇంకొకరికి ఎక్కువ. మామూలుగా అయితే మొదటివారు నెమ్మదైన షేర్లు, రెండోవారు దూకుడు షేర్లు కొంటారనుకుంటాం. క్యాప్‌ఎమ్ ప్రపంచంలో అలా జరగదు. భయస్తులు మార్కెట్ మొత్తాన్నీ కొంచెం కొంటారు, మిగతా డబ్బు రిస్కు లేని వడ్డీకి ఇస్తారు. ధైర్యస్తులు కూడా అదే మార్కెట్ మొత్తాన్నీ కొంటారు, కాకపోతే అప్పు తెచ్చి మరీ ఎక్కువ కొంటారు. ఇద్దరి బుట్టలోనూ ఉండే షేర్లు ఒకటే, ఒకే నిష్పత్తిలో ఉంటాయి. అందరూ ఒకే బుట్టను పట్టుకుంటేనే ప్రతి షేరు రిస్కునూ ఆ బుట్టతో పోల్చి బీటా అనే ఒకే అంకెతో కొలవగలం. అప్పు దారి మూసుకుపోయిన రోజున ఆ ఒకే బుట్ట చెదిరిపోతుంది.

ఒక మదుపరిని తీసుకుందాం. చేతిలో 10 లక్షలున్నాయి. మార్కెట్ కంటే ఒకటిన్నర రెట్లు రిస్కు మోయడానికి సిద్ధం. సిద్ధాంతం ప్రకారం 7 శాతానికి 5 లక్షలు అప్పు తెచ్చి, 15 లక్షలూ సూచీ ఫండులో పెట్టాలి. ఏడాదికి 12 శాతం వస్తే 1.80 లక్షలు. అందులో వడ్డీ 35 వేలు పోతే మిగిలేది 1.45 లక్షలు. సొంత 10 లక్షల మీద అది 14.5 శాతం. ఫార్ములా చెప్పింది కూడా సరిగ్గా ఇదే.

ఇప్పుడు ఆయన బ్యాంకు మెట్లెక్కుతాడు. 7 శాతం అనేది ప్రభుత్వానికి దొరికే అప్పు ధర. షేర్లు కొనడానికి మనకెవరూ ఆ ధరకు ఇవ్వరు. పర్సనల్ లోనైనా, బ్రోకరు ఇచ్చే మార్జిన్ అప్పైనా చాలాచోట్ల రెండంకెల వడ్డీయే. 12 శాతం అనుకుందాం. 15 లక్షల మీద రాబడి అదే 1.80 లక్షలు. వడ్డీ 60 వేలు. మిగిలింది 1.20 లక్షలు, అంటే సొంత డబ్బు మీద 12 శాతం. అప్పు చేయకుండా 10 లక్షలే సూచీలో పెట్టినా వచ్చేది అంతే. నష్టం వస్తే మాత్రం ఒకటిన్నర రెట్లు, పైగా వడ్డీ అదనం. తెలివైనవాడెవడూ ఆ అప్పు చేయడు.

ఇక్కడ ఫ్యూచర్స్ సంగతి తెలిసినవాళ్లు అడ్డు తగులుతారు. నిఫ్టీ ఫ్యూచర్స్ ధరలో ఇమిడి ఉండే వడ్డీ తక్కువే కదా, అదే చవకైన అప్పు కాదా అని. మంచి ప్రశ్న. కానీ 2024 అక్టోబరులో సెబీ ఇచ్చిన ఆదేశంతో సూచీ కాంట్రాక్టు కనీస విలువ 15 లక్షలకు పెరిగింది. అంతకంటే పెద్ద చిక్కు, లాభనష్టాలను ఏ రోజుకారోజు తేల్చేస్తారు. మార్కెట్ పడ్డ రోజున ఆ తేడా నగదుగా కట్టాలి. కట్టలేకపోతే బ్రోకరు అమ్మేస్తాడు. ఏడాది గడువు ఉన్న అప్పు అనుకుని తీసుకుంటే, సరిగ్గా పడిన వేళే తిరిగి అడిగే అప్పు అయి కూర్చుంటుంది. సిద్ధాంతం ఊహించిన అప్పు ఇలాంటిది కాదు.

పెద్ద సంస్థలైనా అప్పు చేయగలవా అంటే, మన మ్యూచువల్ ఫండ్లకు అదీ లేదు. మదుపరుల డబ్బు తిరిగి ఇవ్వడం వంటి తాత్కాలిక అవసరాలకు మాత్రమే, నికర ఆస్తుల్లో 20 శాతం మించకుండా, ఆరు నెలలకు మించకుండా అప్పు తీసుకోవచ్చన్నది సెబీ నియమం. అప్పు తెచ్చి మరిన్ని షేర్లు కొనడానికి వీల్లేదు. అది మంచి నియమమే, నేను తప్పు పట్టడం లేదు. కానీ కోట్ల మంది డబ్బు నడిపే మేనేజరు కూడా మన మదుపరి ఉన్న చోటే ఉన్నాడని దీని అర్థం.

ఇక ఇద్దరికీ మిగిలిన దారి ఒక్కటే. అప్పుతో రిస్కు పెంచుకోలేరు కాబట్టి, పుట్టుకతోనే రిస్కు ఎక్కువున్న షేర్లను కొంటారు. బీటా 1.5 ఉన్న షేరు కొంటే లోపల అప్పు ఇమిడి ఉన్నట్టే. ఇలా ఆలోచించేవాళ్లు లక్షల్లో ఉంటే ఆ షేర్లకు గిరాకీ పెరుగుతుంది, ధర పెరుగుతుంది. ఎక్కువ పెట్టి కొన్నదాని మీద మున్ముందు వచ్చే రాబడి తగ్గుతుంది. నెమ్మదైన షేర్లను పట్టించుకునేవాళ్లు తగ్గి, వాటి ధర చవకగా ఉండిపోతుంది. వాటి మీద రాబడి లెక్క కంటే ఎక్కువ వస్తుంది. అంటే బీటా అడ్డంగా, రాబడి నిలువుగా పెట్టి గీసే గీత, సిద్ధాంతం చెప్పినంత నిటారుగా ఎక్కదు. కొంచెం ఎత్తులో మొదలై, కొంచెం చదునుగా సాగుతుంది. విరిగిన ప్రమేయం తప్పు ఎలా ఉంటుందో ముందే చెప్పగలదని పైన అన్నది దీని గురించే.

ఇది నిజంగా కనిపించిందా? 1972లో ఫిషర్ బ్లాక్, మైకేల్ జెన్సెన్, మైరన్ షోల్స్ న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్ షేర్ల నెలవారీ లెక్కలు తీసుకుని, బీటా వరుసలో పది బుట్టలు కట్టారు. 1931 నుంచి 1965 దాకా వాటి రాబడి చూశారు. ఆ కాలంలో మార్కెట్ నెలకు సగటున రిస్కు లేని వడ్డీ కంటే 1.42 శాతం ఎక్కువ ఇచ్చింది. కాబట్టి గీత సున్నా దగ్గర మొదలై 1.42 వాలుతో ఎక్కాలి. వాళ్లకు దొరికిన గీత 0.36 దగ్గర మొదలై 1.08 వాలుతో ఎక్కింది.

ఈ రెండు గీతల మీదా మూడు చోట్ల చెయ్యి పెట్టి చూడండి. బీటా 0.5 దగ్గర సిద్ధాంతం నెలకు 0.71 శాతం అదనపు రాబడి అంటుంది, దొరికిన గీత 0.90 అంటుంది. బీటా 1.5 దగ్గర సిద్ధాంతం 2.13, దొరికినది 1.98. బీటా 1 దగ్గర సిద్ధాంతం 1.42, దొరికినది 1.44. చివర్లు రెండూ తప్పాయి, నడుమ మాత్రం దాదాపు కలిసిపోయాయి. కాకతాళీయమేమీ కాదు. మొత్తం మార్కెట్ బీటా ఎప్పుడూ ఒకటే కాబట్టి, గీత చదునైనా నిటారైనా మార్కెట్ రాబడి దగ్గర కలవాల్సిందే. పిల్లలకు బోర్డు మీద ఈ రెండు గీతలూ గీసి చూపిస్తాను. కత్తెరలా ఒకే చోట ఒకదాన్నొకటి దాటుతాయి. ఆ కత్తెర బొమ్మ గుర్తుంటే చాలు, ప్రమేయాల జాబితాలో సగం అర్థమైనట్టే.

అదే ఏడాది బ్లాక్ సిద్ధాంతాన్ని బాగుచేశారు కూడా. రిస్కు లేని అప్పు ఎవరికీ దొరకదనుకున్నా, షేర్లను ముందు అమ్మి తర్వాత కొనే షార్ట్ సెల్లింగ్‌కు అడ్డు లేకపోతే, గీత అప్పటికీ తిన్నగానే ఉంటుందని ఆయన చూపించారు. రిస్కు లేని వడ్డీ ఉన్న చోట, మార్కెట్‌తో ఏమాత్రం కలిసి కదలని బుట్ట మీద వచ్చే రాబడిని పెట్టాలి. దాన్ని జీరో బీటా రాబడి అంటారు. అది ప్రభుత్వ వడ్డీ కంటే ఎక్కువగా ఉండొచ్చు, అందుకే గీత ఎత్తులో మొదలవుతుంది. ఆ షార్ట్ సెల్లింగ్ కూడా మన దగ్గర అంత తేలిక కాదు. నగదు మార్కెట్‌లో అదే రోజు సర్దుకోకపోతే షేరును అరువు తెచ్చి ఇవ్వాలి. 2008లో మొదలైన ఆ అరువు పద్ధతిని మామూలు మదుపరుల్లో వాడేవాళ్లు తక్కువ. అంటే బ్లాక్ వేసిన మరమ్మతుకూ ఒక ప్రమేయం అవసరమే, అదీ మన దగ్గర సగమే నిలబడుతుంది.

తర్వాత కూడా ఆ గీత కోలుకోలేదు. యూజీన్ ఫామా, కెన్నెత్ ఫ్రెంచ్ 1963 నుంచి 1990 దాకా అమెరికా షేర్లను పరిశీలించి 1992లో రాసిన వ్యాసంలో, బీటాకూ సగటు రాబడికీ మధ్య సంబంధం దాదాపు కనబడలేదన్నారు. కంపెనీ పరిమాణం, పుస్తక విలువకూ మార్కెట్ ధరకూ ఉన్న నిష్పత్తి అంతకంటే బాగా వివరిస్తున్నాయన్నారు. ఆండ్రియా ఫ్రజ్జీని, లాసె పెడర్సన్ 2014లో అప్పు కథనే మళ్లీ పట్టుకుని, పలు దేశాల మార్కెట్లలో తక్కువ బీటా షేర్లు లెక్క కంటే ఎక్కువ ఇచ్చాయని చూపించారు.

ఆ కాగితంలో అసలు రాయని ప్రమేయం మరొకటుంది. ఆరో వరుసలో 'ప్రతి ఆస్తినీ కొనవచ్చు, అమ్మవచ్చు' అంటాం కదా, అందులోనే అది దాగుంది. సిద్ధాంతంలో మార్కెట్ అంటే షేర్లు మాత్రమే కాదు. ఇళ్లు, పొలాలు, బంగారం, మనిషి జీవితాంతం సంపాదించబోయే జీతం, అన్నీ అందులో ఉండాలి. మనం బీటా కట్టేది నిఫ్టీతోనో సెన్సెక్స్‌తోనో. 1977లో రిచర్డ్ రోల్ దీన్నే పట్టుకున్నారు. అసలు మార్కెట్ బుట్టను ఎవరూ చూడలేరు కాబట్టి, ఈ సిద్ధాంతం ఒప్పో తప్పో ఏ లెక్కతోనూ తేల్చలేమన్నారు. పైన చెప్పిన న్యూయార్క్ గీత తప్పడం వెనుక కూడా సిద్ధాంతం తప్పు ఎంత, తప్పు బుట్టను వాడిన తప్పు ఎంత అన్నది విడదీయలేం.

మన ఇళ్లలో ఈ విమర్శ పుస్తకంలో కంటే గట్టిగా తగులుతుంది. తరుణ్ రామదొరై అధ్యక్షతన రిజర్వు బ్యాంకు వేసిన కమిటీ 2017లో ఇచ్చిన నివేదిక ప్రకారం, సగటు భారతీయ కుటుంబం సంపదలో 77 శాతం ఇళ్లు, స్థలాలు, పొలాలు. 7 శాతం ఇతర వస్తువులు. 11 శాతం బంగారం. షేర్లు, డిపాజిట్లు, బీమా, పింఛను అన్నీ కలిపినా మిగిలింది 5 శాతం. ఆ 5 శాతంలో ఒక ముక్కతో కట్టిన బీటాను తెచ్చి, ఇదే మీ రిస్కు అని ఆ కుటుంబానికి చెప్పడం న్యాయం కాదు. గుంటూరులో రెండెకరాలూ ఒక ఇల్లూ ఉన్న మనిషికి అసలు రిస్కు ఎక్కడుందో ఆయనకు తెలుసు. అది నిఫ్టీలో లేదు.

జీతం సంగతి ఇంకా సూటిగా చూడవచ్చు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధినేత రామలింగరాజు లెక్కల్లో మోసం చేశానని ఒప్పుకుంటూ లేఖ రాశారు. ఆ ఒక్కరోజే షేరు సుమారు 78 శాతం పడింది. సెన్సెక్స్ పడింది 7 శాతానికి పైగా. ఏ బీటాతో గుణించినా ఆ 78 రాదు. అది కంపెనీ సొంత గొడవ. నలభై షేర్ల బుట్టలో సత్యం ఒకటిగా ఉన్నవారికి సిద్ధాంతం చెప్పినట్టే దెబ్బ చిన్నది. అదే కంపెనీలో పనిచేస్తూ, ఉద్యోగులకిచ్చే షేర్లు కూడా అట్టేపెట్టుకున్న హైదరాబాద్ ఇంజినీరుకు జీతమూ పొదుపూ ఒకే రోజు ఊగాయి. ఆయన తన పొదుపులోని షేర్లను అమ్మి బుట్ట మార్చుకోగలిగేవాడు. మున్ముందు రాబోయే పదేళ్ల జీతాన్ని ఎవరికి అమ్మగలడు? ఈ విషయం మీద డేవిడ్ మేయర్స్ 1972లోనే పనిచేశారు. అమ్మలేని ఆస్తి ఉన్నవాళ్లు, ఆ ఆస్తితో కలిసి కదలని షేర్లను ఎంచుకోవాలని ఆయన లెక్క చెబుతుంది. ఐటీ ఉద్యోగి ఐటీ షేర్లు తగ్గించుకోవాలన్నమాట. మన దగ్గర జరిగేది సాధారణంగా తారుమారు. తెలిసిన రంగం కదా అని అందులోనే పెడతారు.

మిగతా వరుసలకు ఇంత జాగా అక్కర్లేదు. కొనడానికి, అమ్మడానికి అయ్యే ఖర్చు ఇవాళ బాగా తగ్గింది, ఏడాదికోసారి చేయి పెట్టేవారికి అది లెక్కను కదిలించదు. అందరి అంచనాలూ ఒకటి కావన్నది నిజమే, కావు కాబట్టే కొనేవాడూ అమ్మేవాడూ ఒకేసారి దొరుకుతారు. అయినా ధర రకరకాల అంచనాల మధ్య ఎక్కడో కుదురుకుంటుంది, మోడల్ కుప్పకూలదు. ఒకే గడువు అన్నది తప్పితే రాబర్ట్ మెర్టన్ 1973లో చూపినట్టు ఒక బీటాకు తోడు మరికొన్ని చేరతాయి. పన్ను దగ్గర మాత్రం ఒక క్షణం ఆగాలి. 30 శాతం శ్లాబులో ఉన్నవారికి 7 శాతం వడ్డీ మీద సెస్సు కాకుండానే మిగిలేది 4.9 శాతం. పన్ను లేనివారికి మొత్తం 7. ఏడాది దాటి అట్టేపెట్టుకున్న షేర్ల లాభం మీద 2024 జులై 23 నుంచి పన్ను 12.5 శాతం, అది కూడా ఏడాదికి 1.25 లక్షలు దాటినదాని మీదే. అందువల్ల రిస్కు లేని వడ్డీ అందరికీ ఒకటే అన్న మాట పన్ను దగ్గర కూడా చెదురుతుంది. ఎనిమిదో వరుసకే మళ్లీ దెబ్బ.

ఇన్ని లోపాలున్నా ఈ మోడల్‌ను వదిలెయ్యమని నేను చెప్పను. విలువ కట్టాలంటే ఏదో ఒక రేటు కావాలి, అది ఎలా వచ్చిందో చూపగలగాలి. కానీ ఎక్కడ నమ్మాలో, ఎక్కడ జాగ్రత్తపడాలో ఆ కత్తెర బొమ్మ చెబుతుంది. ఏటా కోటి రూపాయలు శాశ్వతంగా ఇచ్చే ఒక ప్రాజెక్టు ఉంది, బీటా 0.5 అనుకుందాం. పాఠ్యపుస్తకం గీత మీద రేటు 9.5 శాతం, విలువ 10.53 కోట్లు. జీరో బీటా రాబడి 7 కాకుండా 8.5 అనుకుని బ్లాక్ గీత మీద లెక్కిస్తే, 8.5 + 0.5 × 3.5, అంటే రేటు 10.25 శాతం, విలువ 9.76 కోట్లు. ఒక్క అప్పు ప్రమేయం తీసేస్తే 77 లక్షలు మారాయి. అదే ప్రాజెక్టు బీటా 1 అయితే రెండు గీతల మీదా రేటు 12 శాతమే. విలువలో పైసా తేడా లేదు.

నియంత్రణలో ఉండే వ్యాపారాలు, కరెంటు లైన్లు, విమానాశ్రయాల వంటివాటి బీటా ఒకటి కంటే తక్కువగా తేలినప్పుడు ఈ తేడా మరీ పట్టించుకోవాలి. అక్కడ పాఠ్యపుస్తకం గీత పెట్టుబడిదారుకు తక్కువ ఇస్తుంది. దూకుడు వ్యాపారాల్లో అదే గీత ఎక్కువ రాబడి ఆశించమంటుంది. ఎవరైనా ఈక్విటీ ఖర్చు ఇంత అని ఒక అంకె మీ ముందు పెడితే మూడు విషయాలు అడగండి: బీటా ఒకటికి ఎంత దూరంలో ఉంది, ఏ సూచీతో కట్టారు, ఆ రిస్కు లేని వడ్డీకి నిజంగా ఎవరైనా అప్పు తేగలరా.

పరీక్షకు వెళ్లేవాళ్లు కాగితం అడుగునున్న ఆ వాక్యాన్ని కొట్టేయండి. దాని బదులు ఆరో వరుస పక్కన 'రోల్, 1977' అని, ఎనిమిదో వరుస పక్కన 'బ్లాక్, 1972' అని రాసుకుని, వెనకవైపు కత్తెర బొమ్మ గీసుకోండి.